చిన్న దారి ఉండగా చుట్టుదారి ఎందుకు?

నెట్‌వర్క్ ఇంజినీర్ కొలువుల టెక్నికల్ రౌండ్‌లో బీజీపీ మీద తరచూ వినిపించే ప్రశ్న ఒకటుంది. ‘మీ కంపెనీకి రెండు ఐఎస్‌పీలు ఉన్నాయి. ఒకదాని గుండా వెళ్తే గమ్యానికి రెండే నెట్‌వర్క్‌లు, రెండోదాని గుండా వెళ్తే మూడు. అయినా మీ రూటర్ మూడున్న దారినే పట్టింది. ఎందుకు?’ చాలామంది ఇక్కడ అట్రిబ్యూట్ల జాబితాను గడగడా అప్పజెబుతారు. కానీ అడిగింది జాబితా కాదు, కారణం. ఆ కారణం చెప్పాలంటే లోకల్ ప్రిఫరెన్స్, పాత్ లెంగ్త్‌ల్లో ఏది ముందో తెలిస్తే చాలదు. ఒక రూటర్ తీసుకున్న నిర్ణయం పక్క రూటర్‌కు ఎలా చేరుతుందో కూడా తెలియాలి. ఇంటర్నల్, ఎక్స్‌టర్నల్ సెషన్ల తేడా తేలేది అక్కడే. ఒకే ఉదాహరణ తీసుకుని మొదటి నుంచి చివరి వరకూ చూద్దాం.

ముందు బొమ్మ గీసుకోండి

హైదరాబాద్‌లో ఒక కంపెనీ ఉందనుకుందాం. దాని నెట్‌వర్క్ మొత్తానికీ ఏఎస్ నంబర్ 64500. ఏఎస్ అంటే అటానమస్ సిస్టమ్. ఒకే యాజమాన్యం, ఒకే రూటింగ్ విధానం కింద నడిచే నెట్‌వర్క్ అన్నమాట. లోపల మూడు రూటర్లున్నాయి. R1 నుంచి ఐఎస్‌పీ-ఎ (ఏఎస్ 64501)కు లింకు వెళ్తోంది. R2 నుంచి ఐఎస్‌పీ-బి (ఏఎస్ 64502)కి ఇంకో లింకు. R3కి బయటి లింకు లేదు, ఉద్యోగుల సిస్టమ్‌లన్నీ దాని వెనకే ఉన్నాయి. మూడింటి మధ్య ఓఎస్‌పీఎఫ్ నడుస్తోంది. వాటి లూప్‌బ్యాక్ అడ్రసులు వరసగా 10.0.0.1, 10.0.0.2, 10.0.0.3.

మనం చేరాల్సిన ప్రిఫిక్స్ 198.51.100.0/24. అది ఏఎస్ 64510లో ఉంది. ఐఎస్‌పీ-ఎ గుండా ఏఎస్ పాత్ ‘64501 64510’, అంటే పొడవు రెండు. ఐఎస్‌పీ-బి గుండా ‘64502 64505 64510’, అంటే మూడు. ఈ ఏఎస్ నంబర్లు, ఐపీ అడ్రసులు పుస్తకాల్లో ఉదాహరణలకు, ప్రైవేట్ నెట్‌వర్క్‌లకు కేటాయించినవే. కాబట్టి ల్యాబ్‌లో నిశ్చింతగా వాడుకోవచ్చు.

R1కు ఐఎస్‌పీ-ఎతో, R2కు ఐఎస్‌పీ-బితో ఉన్న బీజీపీ సెషన్లు వేర్వేరు ఏఎస్‌ల మధ్యవి. ఇవి ఎక్స్‌టర్నల్, అంటే ఈబీజీపీ. R1, R2, R3 ఒకదానితో ఒకటి పెట్టుకున్న సెషన్లు ఒకే ఏఎస్‌లోవి కాబట్టి ఇంటర్నల్, అంటే ఐబీజీపీ. ప్రొటోకాల్ రెండు చోట్లా ఒకటే, మెసేజ్‌లూ అవే. `remote-as` దగ్గర రాసిన నంబర్ మన సొంత నంబరే అయితే ఐబీజీపీ, వేరేదైతే ఈబీజీపీ. ఆ ఒక్క నంబర్‌తో రూటర్ ప్రవర్తన చాలా మారిపోతుంది.

మెట్ల మీద పోటీ

ఒకే ప్రిఫిక్స్‌కు రెండు దారులు వస్తే బీజీపీ మార్కులన్నీ కలిపి సగటు తీయదు. పోటీ మెట్ల మీద జరుగుతుంది. మొదటి మెట్టు మీద ఒకరు గెలిస్తే పోటీ అక్కడితో ముగిసినట్టే. కింది మెట్లు ఎవరూ చూడరు. సమానమైతేనే తర్వాతి మెట్టుకు దిగుతారు.

ఆ మెట్లలో మన కథకు కావాల్సినవి ఇవి. అన్నింటికన్నా ముందు ఒక అర్హత పరీక్ష: ఆ దారిలో చెప్పిన నెక్స్ట్ హాప్ అడ్రసుకు చేరే మార్గం రూటర్‌కు తెలిసి ఉండాలి. తెలియకపోతే ఆ దారి పోటీలోకే రాదు. తర్వాత లోకల్ ప్రిఫరెన్స్, ఎక్కువ ఉన్నది గెలుస్తుంది. అదీ సమానమైతే ఏఎస్ పాత్ పొడవు, తక్కువ ఉన్నది గెలుస్తుంది. ఇంకా కింద ఈబీజీపీ ద్వారా తెలిసిన దారికి ఐబీజీపీ దారి కన్నా మొగ్గు. అదీ తేలకపోతే నెక్స్ట్ హాప్ ఎవరికి దగ్గరో చూస్తారు. సిస్కో రూటర్లలో లోకల్ ప్రిఫరెన్స్ కన్నా ముందు వెయిట్ అని ఒకటుంది. అది పెట్టిన రూటర్‌కే పరిమితం, పక్క రూటర్‌కు వెళ్లదు. మధ్యలో ఆరిజిన్, ఎంఈడీ కూడా ఉంటాయి. మన ఉదాహరణలో అవి రెండు దారులకూ సమానమే అనుకుందాం.

ఏఎస్ పాత్ పొడవు కిలోమీటర్ల లెక్క కాదని గుర్తుంచుకోండి. హైదరాబాద్ నుంచి భువనేశ్వర్‌కు విజయవాడ, విశాఖపట్నం మీదుగా వెళ్తే మధ్యలో దాటే రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ ఒక్కటే. రోడ్డు మాత్రం వెయ్యి కిలోమీటర్ల పైమాటే. ఏఎస్ పాత్ లెక్క కూడా అంతే. ఎన్ని ఏఎస్‌లు దాటామన్నదే చూస్తుంది. ఒక్కో ఏఎస్ లోపల ఎన్ని రూటర్లున్నాయో, లింకు ఎంత వేగమో, ఎంత రద్దీగా ఉందో దానికి పట్టదు. అందుకే పొడవు కన్నా పై మెట్టు మీద, మన ఇష్టాన్ని చెప్పుకునే మీటగా లోకల్ ప్రిఫరెన్స్ ఉంది.

ఏమీ మార్చకముందు

రెండు లింకులూ పెట్టాం. లోకల్ ప్రిఫరెన్స్ ఎక్కడా మార్చలేదు, కాబట్టి అన్ని దారులకూ డిఫాల్ట్ విలువ 100. R1కు ఐఎస్‌పీ-ఎ నుంచి రెండు ఏఎస్‌ల దారి వచ్చింది. దాన్ని R2, R3లకు ఐబీజీపీ మీద చెప్పింది. R2 దగ్గర ఇప్పుడు రెండు దారులున్నాయి. ఒకటి తన సొంత లింకు మీద ఐఎస్‌పీ-బి చెప్పింది, పొడవు మూడు. రెండోది R1 చెప్పింది, పొడవు రెండు. లోకల్ ప్రిఫరెన్స్ సమానం. తర్వాతి మెట్టు మీద రెండు గెలిచింది. R2 తన సొంత లింకును పక్కనపెట్టి ట్రాఫిక్‌ను R1 వైపు పంపుతుంది.

‘ఈబీజీపీకి ఐబీజీపీ కన్నా మొగ్గు కదా, మరి R2 తన ఈబీజీపీ దారిని ఎందుకు వదిలేసింది?’ అని అనుబంధ ప్రశ్న రావచ్చు. ఆ మొగ్గు కింది మెట్టు మీద ఉంది. పోటీ అక్కడిదాకా రాలేదు.

ఇక్కడే కొత్తవాళ్లను తికమకపెట్టే విషయం ఒకటుంది. R1లో `show ip bgp` కొడితే ఈ ప్రిఫిక్స్‌కు ఒకే దారి కనిపిస్తుంది. ఐఎస్‌పీ-బి దారి ఆనవాలు ఉండదు. ‘బి లింకు పడిపోయిందేమో’ అనుకుని టికెట్ రాసేస్తారు. నిజానికి లింకు బాగానే ఉంది. బీజీపీ రూటర్ మామూలుగా తన ఉత్తమ దారిని మాత్రమే ఇతరులకు చెబుతుంది. R2 ఉత్తమ దారి R1 నుంచి వచ్చిందే కాబట్టి, తన బి దారిని R2 ఎవరికీ చెప్పలేదు. రెండు దారులూ చూడాలంటే R2లోనే చూడాలి. ఏ రూటర్‌లో నిల్చుని చూస్తున్నామన్నది బీజీపీలో అంత ముఖ్యం.

200 పెడితే ఏం జరుగుతుంది?

కంపెనీ ఐఎస్‌పీ-బితో పెద్ద లింకు కొనుక్కుంది. బయటకు వెళ్లే ట్రాఫిక్ అంతా అటే వెళ్లాలంది. R2లో ఐఎస్‌పీ-బి నుంచి లోపలికి వచ్చే రూట్లకు లోకల్ ప్రిఫరెన్స్ 200 పెడతాం.

```
route-map FROM-B permit 10
 set local-preference 200
!
router bgp 64500
 neighbor 203.0.113.5 remote-as 64502
 neighbor 203.0.113.5 route-map FROM-B in
```

203.0.113.5 ఐఎస్‌పీ-బి వైపు లింకు అడ్రసు. చివరి లైనులోని `in` చూడండి. బయటకు వెళ్లే ట్రాఫిక్‌ను మళ్లించడానికి లోపలికి వచ్చే రూట్లను మారుస్తున్నాం. రూటు ప్రకటన ఏ దిశలో వస్తుందో, ట్రాఫిక్ దానికి ఎదురు దిశలో వెళ్తుంది. ఇది మనసుకు పట్టకపోతే బీజీపీ మొత్తం తలకిందులుగా కనిపిస్తుంది. సిస్కోలో ఈ మార్పు పాత రూట్లకూ వర్తించాలంటే `clear ip bgp 203.0.113.5 soft in` కొట్టాలి. దీంతో సెషన్ తెగదు. పక్క రూటర్ రూట్లను మరోసారి పంపుతుంది, అంతే.

ఇప్పుడు R2 దగ్గర 200, 100 పోటీపడ్డాయి. 200 గెలిచింది, పొడవు ఎవరూ అడగలేదు. R2 ఉత్తమ దారి మారింది కాబట్టి దాన్ని R1, R3లకు చెబుతుంది. ఆ ఐబీజీపీ మెసేజ్‌లో 200 కూడా ఉంటుంది. R1 దగ్గర ఇప్పుడు పరిస్థితి ఇదీ. కొన్ని కాలమ్‌లు తీసేసి చూపిస్తున్నాం:

```
R1# show ip bgp
     Network           Next Hop     LocPrf Path
 *>i 198.51.100.0/24   10.0.0.2     200    64502 64505 64510 i
 *                     203.0.113.1         64501 64510 i
```

`>` గుర్తు ఉత్తమ దారికి. దాని పక్కనున్న `i` ఆ దారి ఐబీజీపీ ద్వారా వచ్చిందని చెబుతుంది. లైను చివరన ఉన్న `i` వేరు, అది ఆరిజిన్. రెండో లైనులో లోకల్ ప్రిఫరెన్స్ ఖాళీగా ఉందంటే సున్నా కాదు, డిఫాల్ట్ 100 అని. R1కు చేతిలో రెండు ఏఎస్‌ల దారి, అదీ సొంత లింకు మీద ఉంది. అయినా మూడు ఏఎస్‌ల దారి కోసం ట్రాఫిక్‌ను R2కు అప్పగిస్తోంది. ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్నకు జవాబు ఈ రెండు లైన్లే.

R1 తన ఎ దారిని R2, R3ల దగ్గర వెనక్కి తీసుకుంటుంది, ఎందుకంటే అది ఇప్పుడు ఉత్తమం కాదు. కానీ తన టేబుల్‌లో మాత్రం ఉంచుకుంటుంది. రేపు బి లింకు తెగి R2 తన రూటును ఉపసంహరించుకుంటే, R1 దగ్గరున్న ఎ దారి వెంటనే పైకొస్తుంది, మిగతా ఇద్దరికీ మళ్లీ ప్రకటిస్తుంది. అయితే తెగిన విషయం R2కు ఎప్పుడు తెలుస్తుందన్నదే అసలు ప్రశ్న. ఇంటర్‌ఫేస్ డౌన్ అయితే తక్షణం తెలుస్తుంది. మధ్యలో స్విచ్ ఉండి అవతలి వైపు మాత్రమే తెగితే, సిస్కో డిఫాల్ట్ హోల్డ్ టైమ్ ప్రకారం 180 సెకన్ల దాకా తెలియకపోవచ్చు. ఆ మూడు నిమిషాలూ ట్రాఫిక్ గోతిలో పడుతూనే ఉంటుంది.

ఇంకో మాట. ఈ 200 మన ఏఎస్ గడప దాటదు. లోకల్ ప్రిఫరెన్స్ ఐబీజీపీ మీద మాత్రమే ప్రయాణిస్తుంది. ఈబీజీపీ పొరుగుకు రూటు పంపేటప్పుడు రూటర్ దాన్ని తీసేస్తుంది. కాబట్టి ఐఎస్‌పీ వైపు `out` దిశలో `set local-preference` పెడితే ఎర్రర్ రాకపోవచ్చు గానీ, ఫలితమూ ఉండదు.

200 పెట్టినా కదలకపోతే

ల్యాబ్‌లో చాలామందికి ఎదురయ్యేది ఇదే. R2లో 200 కనిపిస్తుంది. R1లో కూడా ఆ దారి 200తో సహా కనిపిస్తుంది. కానీ `>` గుర్తు మాత్రం ఎ దారి మీదే ఉంటుంది. లోకల్ ప్రిఫరెన్స్ ఓడిపోయిందా? లేదు. ఆ దారి అసలు పోటీలోకే రాలేదు.

R1లో `show ip bgp 198.51.100.0/24` కొట్టండి. 200 ఉన్న దారి పక్కన నెక్స్ట్ హాప్ 203.0.113.5, దాని వెంట ‘inaccessible’ అని కనిపిస్తుంది. కారణం ఐబీజీపీ స్వభావంలో ఉంది. ఈబీజీపీ మీద రూటు పంపేటప్పుడు రూటర్ మామూలుగా నెక్స్ట్ హాప్‌లో తన అడ్రసు రాస్తుంది. ఐబీజీపీ మీద పంపేటప్పుడు మాత్రం తనకు వచ్చిన నెక్స్ట్ హాప్‌ను ముట్టుకోదు. అందుకే ఐఎస్‌పీ-బి రాసిన 203.0.113.5 యథాతథంగా R1కు చేరింది. ఆ లింకు నెట్‌వర్క్ ఓఎస్‌పీఎఫ్‌లో లేదు. R1కు ఆ అడ్రసు ఎక్కడుందో తెలియదు. అర్హత పరీక్షలోనే తప్పింది.

పరిష్కారం R2లో రెండు లైన్లు:

```
router bgp 64500
 neighbor 10.0.0.1 next-hop-self
 neighbor 10.0.0.3 next-hop-self
```

దీంతో R2 తన లూప్‌బ్యాక్ 10.0.0.2ను నెక్స్ట్ హాప్‌గా రాసి పంపుతుంది. ఐబీజీపీ సెషన్‌ను `update-source`తో లూప్‌బ్యాక్ మీద పెట్టి ఉండాలన్నది షరతు. ఓఎస్‌పీఎఫ్‌కు ఆ అడ్రసు తెలుసు కాబట్టి దారి అర్హమవుతుంది, 200 గెలుస్తుంది. పైన మనం చూసిన టేబుల్‌లో 10.0.0.2 అందుకే కనిపించింది. R1లో కూడా 10.0.0.2, 10.0.0.3 పొరుగులకు ఇలాంటి లైన్లే ఉండాలి. లేకపోతే ఎ లింకు వంతు వచ్చినప్పుడు R2, R3లకు ఇదే ఇబ్బంది.

పక్కవాడి మాట మోయని ఐబీజీపీ

‘R2 చెప్పిన రూటును R1 మళ్లీ R3కి చెబుతుందా?’ ఇది ఇంకో ప్రశ్న. చెప్పదు. ఐబీజీపీ మీద విన్నదాన్ని ఇంకో ఐబీజీపీ పొరుగుకు చెప్పకూడదన్నది నియమం.

కారణం ఏఎస్ పాతే. ఈబీజీపీలో రూటు గడప దాటిన ప్రతిసారీ పాత్ ముందు ఆ ఏఎస్ నంబర్ చేరుతుంది. వచ్చిన రూటులో తన నంబరే కనిపిస్తే రూటర్ దాన్ని పారేస్తుంది. లూప్ అలా ఆగుతుంది. ఐబీజీపీలో ఏఎస్ దాటడం లేదు కాబట్టి నంబర్ చేరదు. మరి ఏఎస్ లోపల లూప్‌ను పట్టేదెలా? విన్నది మోసుకెళ్లవద్దని మొదటే కట్టడి చేశారు. దాని మూల్యం ఏమిటంటే ప్రతి రూటర్ మిగతా అన్నింటితోనూ నేరుగా సెషన్ పెట్టుకోవాలి. మూడు రూటర్లకు మూడు సెషన్లు. పది రూటర్లకు 45. యాభైకి 1225. అందుకే పెద్ద నెట్‌వర్క్‌లలో ఈ నియమానికి మినహాయింపు ఉన్న రూట్ రిఫ్లెక్టర్లు పెడతారు.

మన కంపెనీలో R2-R3 సెషన్ పెట్టడం మరిచిపోయారనుకోండి. R1 ఉత్తమ దారి R2 నుంచి విన్నది, కాబట్టి R3కి చెప్పదు. తన ఎ దారి ఉత్తమం కాదు, కాబట్టి అదీ చెప్పదు. R3కి ఆ ప్రిఫిక్స్ కనిపించకుండా పోతుంది. లోకల్ ప్రిఫరెన్స్ మార్చకముందు బాగా పనిచేసిన R3, మార్చగానే చీకట్లో పడుతుంది. మార్పు R2లో, నొప్పి R3లో, లోపం మాత్రం ఎప్పటినుంచో లేని సెషన్‌లో. ఇలాంటప్పుడు R3లో `show ip bgp summary` చూసి పొరుగువాళ్లను లెక్కపెట్టడమే మొదటి పని.

ఏడీ మెలిక

సిస్కోలో ఈబీజీపీ రూటుకు అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్ 20, ఐబీజీపీకి 200. తక్కువ ఉన్నదే మేలని అందరూ చదువుకుంటారు. ‘అలాగైతే R1లో 20 ఉన్న ఎ దారే రూటింగ్ టేబుల్‌లోకి రావాలి కదా?’ అని అడిగితే చాలామంది ఆగిపోతారు.

రాదు. ఏడీ పోటీ బీజీపీ, ఓఎస్‌పీఎఫ్, స్టాటిక్ లాంటి వేర్వేరు మూలాల మధ్య జరుగుతుంది. బీజీపీ ముందు తన ఇంట్లో పోటీ ముగించి, గెలిచిన ఒక్క దారినే రూటింగ్ టేబుల్‌కు పంపుతుంది. గెలిచింది ఐబీజీపీ దారి కాబట్టి దానికి 200 అని రాసి పెడుతుంది. R1లో కనిపించేది ఇదీ:

```
B  198.51.100.0/24 [200/0] via 10.0.0.2
```

బ్రాకెట్లోని 200 లోకల్ ప్రిఫరెన్స్ కాదు, ఏడీ. మన ఉదాహరణలో రెండూ 200 కావడం యాదృచ్ఛికం. సందేహమొస్తే లోకల్ ప్రిఫరెన్స్‌ను 150 చేసి చూడండి, ఇక్కడ 200 అలాగే ఉంటుంది.

అన్నీ సమానమైతే?

ఐఎస్‌పీ-బి గుండా కూడా పొడవు రెండే అనుకుందాం, లోకల్ ప్రిఫరెన్స్ ఎవరికీ మార్చలేదు. ఇప్పుడు సెషన్ రకమే తీర్పు చెప్పే మెట్టు దాకా పోటీ దిగుతుంది. R1 తన ఈబీజీపీ దారినే ఎంచుకుంటుంది, R2 తన దాన్ని. R3కి వచ్చిన రెండూ ఐబీజీపీ దారులే కాబట్టి ఓఎస్‌పీఎఫ్ లెక్కలో ఎవరు దగ్గరైతే వాళ్లకు ఇస్తుంది. అంటే ట్రాఫిక్‌ను వీలైనంత త్వరగా దగ్గరి గుమ్మం నుంచి బయటకు పంపేయడం. దీన్ని హాట్ పొటాటో రూటింగ్ అంటారు. వేడి బంగాళదుంపను చేతిలో ఎవరూ ఉంచుకోరు కదా!

లోపలికి వచ్చే ట్రాఫిక్ మన మాట వింటుందా?

200 పెట్టిన మర్నాడు ఇంకో ఫిర్యాదు వస్తుంది. వెళ్లే ట్రాఫిక్ బి మీద, తిరిగి వచ్చే ట్రాఫిక్ ఎ మీద. మన ప్రిఫిక్స్‌ను చేరే దారి ఎంచుకునేది అవతలివాళ్ల రూటర్లు. వాళ్లకు మన 200 తెలియదు. రెండు లింకుల దగ్గరా విడివిడిగా ఫైర్‌వాల్స్ ఉంటే, కనెక్షన్ మొదలైన విషయం తెలియని ఫైర్‌వాల్ తిరుగు ప్యాకెట్లను ఆపేస్తుంది.

అవతలివాళ్లకు మనం చూపించగలిగింది పాత్ పొడవు. ఎ వైపు ప్రకటించేటప్పుడు `set as-path prepend 64500 64500` పెడితే మన నంబర్ మరో రెండుసార్లు కలిసి ఆ దారి పొడవుగా కనిపిస్తుంది. దూరంగా ఉన్న నెట్‌వర్క్‌లు కొన్ని బి వైపు మళ్లుతాయి. ఐఎస్‌పీ-ఎ సొంత కస్టమర్లు మాత్రం కదలకపోవచ్చు. ఐఎస్‌పీలు సాధారణంగా తమకు డబ్బు కట్టే కస్టమర్ నుంచి నేరుగా వచ్చిన రూటుకు ఎక్కువ లోకల్ ప్రిఫరెన్స్ ఇస్తాయి. మనం పదిసార్లు ప్రిపెండ్ చేసినా ఆ పై మెట్టు మీద మన నేరు లింకే గెలుస్తుంది. మన ఇంట్లో ఎ దారిని ఓడించిన సూత్రమే అక్కడ మన ప్రిపెండ్‌ను ఓడిస్తుంది. చాలా ఐఎస్‌పీలు దీనికి కమ్యూనిటీ విలువలు ఇస్తాయి. ఆ విలువను రూటుకు తగిలిస్తే వాళ్లే తమ లోకల్ ప్రిఫరెన్స్ తగ్గిస్తారు.

పాత్ పొడవు పని చేయడమూ, చేయకపోవడమూ ఒకే రాత్రి కనిపించిన ఘటన 2008 ఫిబ్రవరి 24న జరిగింది. పాకిస్థాన్ ప్రభుత్వ ఆదేశంతో యూట్యూబ్‌ను అడ్డుకోవడానికి పాకిస్థాన్ టెలికాం (ఏఎస్ 17557) 208.65.153.0/24ను ప్రకటించింది. అది దేశం లోపల ఆగకుండా, పైనున్న పీసీసీడబ్ల్యూ గ్లోబల్ (ఏఎస్ 3491) ద్వారా 18:47 యూటీసీకి ప్రపంచమంతా పాకింది. యూట్యూబ్ (ఏఎస్ 36561) ప్రకటిస్తున్నది 208.65.152.0/22. ఇవి రెండు వేర్వేరు ప్రిఫిక్స్‌లు. మెట్ల పోటీ ఒకే ప్రిఫిక్స్‌కు వచ్చిన దారుల మధ్యే జరుగుతుంది. వేర్వేరు పొడవుల ప్రిఫిక్స్‌లుంటే, ప్యాకెట్ పంపేటప్పుడు నిర్దిష్టమైనదే గెలుస్తుంది. కాబట్టి /24 వైపే ట్రాఫిక్ వెళ్లింది. లోకల్ ప్రిఫరెన్స్‌కు గానీ పాత్ పొడవుకు గానీ అక్కడ మాటే లేదు.

20:07కు యూట్యూబ్ కూడా అదే /24ను ప్రకటించింది. ఇప్పుడు ప్రిఫిక్స్ ఒకటే, దారులు రెండు. మెట్ల పోటీ మొదలైంది. యూట్యూబ్‌కు దగ్గరున్న నెట్‌వర్క్‌లు దాని వైపు మళ్లాయి, కొన్ని ఇంకా పాకిస్థాన్ వైపే ఉండిపోయాయి. 20:18కి యూట్యూబ్ ఇంకా చిన్నవైన రెండు /25లను ప్రకటించింది. 20:51కి పాకిస్థాన్ టెలికాం ప్రకటనలో 17557 నంబర్ అదనంగా ఇంకోసారి కనిపించింది. ఆ ఒక్క నంబర్‌తో పాత్ పొడవు పెరిగి, మరికొన్ని రూటర్లు యూట్యూబ్ /24 వైపు తిరిగాయి. 21:01కి పీసీసీడబ్ల్యూ ఆ రూట్లను ఉపసంహరించడంతో వ్యవహారం ముగిసింది.

చేసి చూడండి

సీసీఎన్‌ఏ (200-301) సిలబస్‌లో బీజీపీ కాన్ఫిగరేషన్ లేదు. సీసీఎన్‌పీ కోర్ పరీక్ష (350-401)లో ఈబీజీపీ, ఉత్తమ దారి ఎంపిక ఉన్నాయి. పైన చెప్పిన ల్యాబ్‌కు ఎఫ్‌ఆర్‌ఆర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు, లినక్స్ మీద నడుస్తుంది, కమాండ్లు దాదాపు సిస్కోవే. ఒక జాగ్రత్త: ఎఫ్‌ఆర్‌ఆర్ కొత్త వెర్షన్లలో ఈబీజీపీ పొరుగుకు రెండు దిశల్లోనూ పాలసీ లేకపోతే సెషన్ లేస్తుంది గానీ రూట్లు రావు, వెళ్లవు. `show bgp summary`లో అంకె బదులు `(Policy)` అని కనిపిస్తే కారణం అదే. ల్యాబ్ వరకూ `no bgp ebgp-requires-policy` పెట్టుకోవచ్చు.

ల్యాబ్ లేచాక పై దశలన్నీ ఒక్కొక్కటిగా చేయండి. ప్రతి మార్పు తర్వాతా R1, R2, R3 మూడింటిలోనూ టేబుల్ చూడండి. చివరగా ఒకటి ప్రయత్నించండి. R2లో 200 అలాగే ఉంచి, R1లో కూడా ఐఎస్‌పీ-ఎ రూట్లకు 200 పెట్టండి. ట్రాఫిక్ ఎటు వెళ్తుందో ముందు కాగితం మీద రాసుకుని, తర్వాత కమాండ్ కొట్టండి. 200లు రెండూ సమానమవుతాయి. పోటీ పాత్ పొడవు మెట్టుకు దిగుతుంది. మూడు రూటర్లూ ఐఎస్‌పీ-ఎ వైపు తిరుగుతాయి. R1లో బి దారి మళ్లీ కనిపించకుండా పోతుంది. అది లింకు పడిపోవడం వల్ల కాదని ఇప్పుడు మీకు తెలుసు.